యాక్సిలరేటర్ కేబుల్‌లో ఉండాల్సిన వదులు

బైక్ యాక్సిలరేటర్ పిడిని తిప్పడం మొదలుపెట్టాక, కేబుల్ బిగుసుకుని కార్బురేటర్‌ను లాగేలోపు పిడి కొద్దిగా ఖాళీగా తిరగాలి. చాలా బైకులకు ఈ వదులు పిడి అంచు దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్లు. కచ్చితమైన కొలత బండి మాన్యువల్‌లో ఉంటుంది.

అసలు వదులే లేకపోతే ప్రమాదం. హ్యాండిల్ తిప్పినప్పుడు కేబుల్ లాగబడి, పిడి ముట్టుకోకుండానే ఇంజిన్ వేగం పెరుగుతుంది. యూటర్న్‌లో బండి తనంతట తాను ముందుకు దూకవచ్చు. పరీక్ష తేలికే: బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పాలి. శబ్దం పెరిగితే కేబుల్ బిగుతుగానైనా ఉంది, తప్పు దారిలోనైనా వెళ్తోంది. ఈ స్థితిలో ఐడ్లింగ్ స్క్రూ తిప్పి లాభం లేదు. ముందు లాక్‌నట్ వదులుచేసి, అడ్జస్టర్‌తో వదులు సరిచేసి, నట్ బిగించాలి. ఐడ్లింగ్ ఆ తర్వాతే. వదులు మరీ ఎక్కువైతే బండి ఆలస్యంగా స్పందించి, కుదుపుతో కదులుతుంది.

వదిలిన పిడి టక్కున వెనక్కి రాకపోతే కారణం వేరు: కేబుల్‌లో దుమ్ము, తుప్పు, మడత, లేదా తెగుతున్న పోగు. పోగు తెగితే నూనెతో సరిపెట్టకూడదు, కేబుల్ మార్చాల్సిందే. అప్పటిదాకా ఆ బండి నడపవద్దు.