7,000 హెర్ట్జ్ ఈల 1,000 హెర్ట్జ్‌గా ఎందుకు వినిపిస్తుంది?

ఫోన్‌లో మన గొంతు అవతలి వైపుకు అంకెలుగా వెళ్తుంది. డిజిటల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి మైకు నుంచి వచ్చిన విద్యుత్ తరంగం ఆ క్షణాన ఎంత ఎత్తులో ఉందో కొలిచి, ఆ కొలతను 8 బిట్ల అంకెగా రాస్తుంది. ఇలా సెకనుకు 8,000 సార్లు చేస్తుంది. దీన్నే శాంప్లింగ్ అంటారు, ఒక్కో కొలత ఒక శాంపిల్. ఒక శాంపిల్‌కీ మరో శాంపిల్‌కీ మధ్య 125 మైక్రోసెకన్లు గడుస్తాయి. ఆ వ్యవధిలో తరంగం ఎటు పోయి ఎటు వచ్చిందో యంత్రానికి తెలియదు.

అది తెలియకపోతే ఏమవుతుంది? మైకు దగ్గర ఎవరో సన్నని ఈల వేశారనుకుందాం. అది సెకనుకు 7,000 సార్లు ఊగే సైన్ తరంగం, అంటే 7,000 హెర్ట్జ్. ఎక్స్ఛేంజిలో ఉండాల్సిన రక్షణ ఏర్పాటును కాసేపు తీసేసి, ఈ తరంగాన్ని నేరుగా సెకనుకు 8,000 సార్లు కొలుద్దాం. అవతలి వైపు వినిపించేది 7,000 హెర్ట్జ్ ఈల కాదు, స్పష్టమైన 1,000 హెర్ట్జ్ స్వరం. గది మొత్తం వెతికినా ఆ స్వరం పలికినవాళ్లు దొరకరు.

అది ఎలా పుట్టిందో లెక్క వేసి చూడవచ్చు. 7,000 హెర్ట్జ్ తరంగం రెండు శాంపిళ్ల మధ్య ఒక ఆవృత్తిలో ఎనిమిదింట ఏడు వంతులు తిరుగుతుంది. కోణంలో చెప్పాలంటే 315 డిగ్రీలు. మొదటి శాంపిల్ తరంగం శిఖరం మీద పడి, విలువ 1 వచ్చిందనుకోండి. తర్వాతి శాంపిల్ 315 డిగ్రీల దగ్గర పడుతుంది, అక్కడ విలువ 0.71. ఆ తర్వాతది 630 డిగ్రీల దగ్గర, విలువ 0. అలా వరసగా −0.71, −1, −0.71, 0, 0.71 వచ్చి మళ్లీ 1 దగ్గరికి చేరతాం. ఇప్పుడు ఈ ఈలను పక్కన పెట్టి 1,000 హెర్ట్జ్ స్వరాన్ని అదే వేగంతో కొలవండి. అది శాంపిల్‌కు 45 డిగ్రీలు మాత్రమే కదులుతుంది. వచ్చే విలువలు 1, 0.71, 0, −0.71, −1, −0.71, 0, 0.71, మళ్లీ 1. రెండు పట్టికల్లో ఒక్క అంకె కూడా తేడా లేదు.

గోడ గడియారంలో నిమిషాల ముల్లును 55 నిమిషాలకోసారి మాత్రమే చూసేవాళ్లకు కూడా ఇదే అనుభవం. ముల్లు 12 మీద, తర్వాత 11 మీద, ఆ తర్వాత 10 మీద కనిపిస్తుంది. దాదాపు పూర్తి చుట్టు ముందుకు తిరిగిన ముల్లు కొంచెం వెనక్కి జరిగినట్టు తోస్తుంది. 315 డిగ్రీలు ముందుకు పోవడం, 45 డిగ్రీలు వెనక్కి రావడం, రెండూ చివరికి ఒకే చోటికి చేరుస్తాయి. ఇలా వేగమైన తరంగం నెమ్మదైన తరంగంలా కనిపించడమే ఏలియాసింగ్. నిజానికి ఆ 1,000 హెర్ట్జ్ పట్టికనే ఇచ్చే తరంగాలు ఇంకా ఉన్నాయి. 9,000 హెర్ట్జ్, 15,000 హెర్ట్జ్, 17,000 హెర్ట్జ్ తరంగాలను శిఖరం దగ్గర మొదలుపెట్టి కొలిచినా అవే అంకెలు వస్తాయి.

ఒకే పట్టికకు ఇన్ని తరంగాలు సరిపోతుంటే, అంకెల నుంచి అసలు తరంగాన్ని ఎలా నమ్మకంగా రాబట్టగలం? శాంప్లింగ్ సిద్ధాంతం దీనికి ఒక షరతుతో జవాబు చెబుతుంది. సంకేతంలో శాంప్లింగ్ వేగంలో సగం, ఆపైన ఉండే పౌనఃపున్యాలేవీ లేకపోతే, ఆ శాంపిళ్ల గుండా పోగల తరంగం ఒక్కటే ఉంటుంది. దాన్ని పూర్తిగా, మధ్యలోని ప్రతి మలుపుతో సహా తిరిగి గీయవచ్చు. ఇది ఉజ్జాయింపు కాదు. చుక్కల మధ్య ఏం జరిగిందో చూడకుండానే కచ్చితంగా చెప్పగలగడం నాకు ఎప్పటికీ అబ్బురమే. హ్యారీ నైక్విస్ట్ 1928లో టెలిగ్రాఫ్ సంకేతాల మీద రాసిన పత్రంలో ఈ ఆలోచనకు మూలం ఉంది. రష్యాలో వ్లదీమిర్ కొతెల్నికోవ్ 1933లో దాన్ని సిద్ధాంతంగా చెప్పాడు. క్లాడ్ షానన్ 1949 పత్రంతో అది ఇంజనీర్లందరికీ చేరింది.

షరతులో 'సగం' అన్న చోట జాగ్రత్త అవసరం. సరిగ్గా 4,000 హెర్ట్జ్ తరంగాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిస్తే ఒక్కో ఆవృత్తికి రెండు శాంపిళ్లు వస్తాయి. అవి శిఖరం మీద, లోయలో పడితే బాగానే ఉంటుంది. తరంగం సున్నాను దాటే చోట పడ్డాయంటే ప్రతి శాంపిల్ సున్నాయే, స్వరం మాయమవుతుంది. అందుకే శాంప్లింగ్ వేగం రెట్టింపు అయితే చాలదు, రెట్టింపు కంటే ఎక్కువ ఉండాలి.

ఇక పక్కన పెట్టిన రక్షణ ఏర్పాటు సంగతి. అంకెల్లోకి మారాక 7,000 హెర్ట్జ్ ఈలకీ 1,000 హెర్ట్జ్ స్వరానికీ తేడా లేదు కాబట్టి, ఆ తర్వాత ఎంత తెలివైన కంప్యూటరుకూ వాటిని విడదీయడం సాధ్యం కాదు. కొలవక ముందే ఎక్కువ పౌనఃపున్యాలను ఫిల్టర్‌తో తీసేయాలి. టెలిఫోన్‌లో ఈ ఫిల్టర్ 3,400 హెర్ట్జ్ వరకు గొంతును పోనిచ్చి, ఆపైన అణచడం మొదలుపెడుతుంది. ఏ ఫిల్టరూ గోడలా ఒక్కసారిగా అడ్డుపడలేదు, మెల్లగా దిగుతుంది. 3,400కు రెట్టింపు 6,800 అయినా 8,000 వేగాన్ని పెట్టుకోవడానికి కారణం ఆ దిగుడుకు చోటు ఇవ్వడమే. 4,600 హెర్ట్జ్ స్వరం మడతపడితే 3,400 దగ్గరికి వస్తుంది. అంతకంటే తక్కువవి మడతపడినా మాటకు అవసరమైన పట్టీ బయటే ఉంటాయి. కాబట్టి 3,400 నుంచి 4,600 లోపు ఫిల్టర్ తన పని ముగిస్తే చాలు. దీనికి మూల్యం కూడా ఉంది. 'స' అన్నప్పుడు వచ్చే ఊదుడు శబ్దం చాలావరకు 4,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది, ఫిల్టర్ దాన్ని కోసేస్తుంది. పాత తరహా ఫోన్ లైన్లో 'ఎస్' అన్నారా 'ఎఫ్' అన్నారా అని మళ్లీ అడగాల్సి వచ్చేది అందుకే. అయినా కోయడమే మేలు. కోయకపోతే ఆ ఊదుడు కిందికి మడతపడి అచ్చుల మీద బరబరమంటుంది.

రికార్డింగులో అనుమానాస్పదమైన స్వరం ఒకటి ఉంటే, అది అసలైనదో కాదో తేల్చడానికి శాంప్లింగ్ వేగం మార్చి మళ్లీ కొలవాలి. అసలైన స్వరం కదలదు. మన 7,000 హెర్ట్జ్ ఈల మాత్రం 8,000 వేగంతో 1,000 దగ్గర, 10,000 వేగంతో 3,000 దగ్గర కనిపించి, 16,000 వేగానికి వచ్చాకే తన అసలు చోటికి చేరుతుంది. వేగం మార్చడం కుదరకపోతే, మూలస్వరాన్ని కొంచెం పెంచి చూడవచ్చు. ఈలను 7,100 హెర్ట్జ్‌కు పెంచితే 8,000 వేగం దగ్గర వినిపించే స్వరం 900కు దిగుతుంది. పెంచితే దిగే స్వరం మడతపడి వచ్చిందే.

ఈ పొరపాటు మైకు దగ్గరే కాదు, కంప్యూటరు లోపలా జరుగుతుంది. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి ఉంచుతారు. ఫైలు చిన్నదవుతుందని ఒకటి విడిచి ఒకటిగా శాంపిళ్లను పారేస్తే వేగం 22,050కి పడిపోతుంది. తాళాల మోతలోని 15,000 హెర్ట్జ్ అంశం అప్పుడు 7,050 హెర్ట్జ్ దగ్గర కొత్తగా మోగుతుంది. ముందు 11,025 హెర్ట్జ్‌కు పైనున్నదాన్ని ఫిల్టర్‌తో తీసేసి, ఆ తర్వాతే శాంపిళ్లను విడవాలి.