‘తెల్లవారితే శుక్రవారం’ జర్మన్‌లో ఎలా?

రాజమండ్రిలో పెళ్లి. స్టుట్‌గార్ట్‌లో పనిచేసే పెళ్లికొడుకు ఆఫీసు స్నేహితులను కూడా పిలుస్తున్నాడనుకుందాం. శుభలేఖలో ముహూర్తం ఇలా ఉంది: ‘12వ తేదీ గురువారం రాత్రి 2.17 గంటలకు (తెల్లవారితే శుక్రవారం)’.

చిక్కంతా ఇక్కడే. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. జర్మన్ల రోజు అర్ధరాత్రితో మారిపోతుంది. ‘గురువారం 2.17’ అని ఉన్నదున్నట్టు మారిస్తే వాళ్లు ఒకరోజు ముందే మండపానికి చేరతారు. మధ్యాహ్నమేమో అన్న అనుమానం మాత్రం రాదు, దాన్ని వాళ్లు 14.17 అని రాస్తారు. అయితే ఇలాంటి రాత్రికి జర్మన్‌లో సిద్ధంగా ఒక పలుకుబడి ఉంది: ‘ఇన్ డెర్ నాఖ్ట్ ఫొన్ డోనర్స్‌టాగ్ ఔఫ్ ఫ్రైటాగ్’, అంటే గురువారం నుంచి శుక్రవారానికి మారే రాత్రి. దాని పక్కనే 12, 13 తేదీలు రెండూ వేస్తే ఇక గందరగోళం ఉండదు.

నక్షత్రం, లగ్నం అనువదించనక్కర్లేదు. వధూవరుల జన్మ నక్షత్రాలను బట్టి పురోహితుడు పెట్టిన సమయమని ఒక్క వాక్యం చాలు. ఆ నిమిషంలో ఏం జరుగుతుందో మాత్రం చెప్పి తీరాలి. ఉంగరాలు మార్చుకోవడమో, తాళి కట్టడమో అనుకుని చూస్తుంటారు మరి. అడ్డుతెరకు ఇరువైపులా కూర్చున్న వధూవరులు జీలకర్ర, బెల్లం కలిపిన ముద్దను తమలపాకులో పెట్టి ఒకరి తలపై ఒకరు ఉంచేది అప్పుడే. మంగళసూత్రం మూడు ముళ్లు, తలంబ్రాలు ఆ తర్వాత. గౌరీపూజ వంటివి ముందే మొదలవుతాయి కాబట్టి, సరిగ్గా 2.17కి వచ్చినవారు సగం తంతు చూడలేరు. ‘ఒంటిగంటకల్లా రండి’ అని విడిగా రాయాలి.

అక్షింతల సంగతి వాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. పెళ్లి నమోదు చేసే కార్యాలయం నుంచి జంట బయటికి రాగానే బియ్యం చల్లడం అక్కడా ఉంది. ఇక్కడి బియ్యానికి పసుపు కలుపుతారని, గట్టిమేళం మోగగానే వేయాలని చెబితే సరిపోతుంది.

బట్టల దగ్గర మరో జాగ్రత్త. జర్మనీలో పెళ్లికి నల్ల సూటు మర్యాద, తెలుపు వధువుకే వదిలేస్తారు. మన పెద్దలకు నలుపు కంటికి ఆనదు. అందుకే ‘నలుపు వద్దు, ఏ నిండు రంగైనా సరే, భుజాలు కప్పేలా ఉంటే మంచిది’ అని కారణంతో సహా రాయాలి. తాళి కట్టే వేళ వధువు తెల్ల మధుపర్కాల చీరలో కనిపించవచ్చని చెబితే వాళ్లే ఆసక్తిగా చూస్తారు. మండపం ఎక్కేముందు చెప్పులు విడవాలి కాబట్టి, తేలిగ్గా విప్పుకునే బూట్లు తెచ్చుకోమనాలి.

చివరిది ‘సకుటుంబ సపరివార సమేతంగా’. జర్మన్ ఆహ్వానంలో పేరున్నవారే వస్తారు, ఫలానా తేదీలోగా జవాబూ ఇస్తారు. అందుకే కవరుపై భార్యాపిల్లల పేర్లు విడివిడిగా రాసి, జవాబుకు గడువు వేయాలి. హోటల్ గదులు, అర్ధరాత్రి కారు, విస్తళ్ల లెక్క అన్నీ ఆ జవాబును బట్టే.