గడుల వెంట జవాబుల వేట

ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో వ్యవధి 60 నిమిషాలు, ప్రశ్నలు 40. వాటిలో ఫ్లోచార్టు ఖాళీలు పూరించమనే రకాన్ని చూసి చాలామంది పాసేజీ అంతా మళ్లీ చదవడం మొదలుపెడతారు. నిజానికి అంత అవసరం ఉండదు. జవాబులన్నీ సాధారణంగా పాసేజీలో ఒక భాగంలోనే దొరుకుతాయి. ఒక పని జరిగే తీరును వివరిస్తున్నప్పుడు అవి చాలావరకు గడుల వరుసలోనే వస్తాయి.

ఉదాహరణకు కాఫీ గింజల తయారీపై పాసేజీ ఉందనుకుందాం. దాని సారాంశం ఇది: యంత్రం పండు తోలు వలుస్తుంది. గింజకు జిగురు పొర మిగులుతుంది కాబట్టి ట్యాంకులో పులియబెడతారు. తర్వాత చాపల మీద ఆరబెడతారు, అయితే అంతకుముందు శుభ్రమైన నీటితో కడుగుతారు.

చార్టులో నాలుగు గడులు: 9. యంత్రం ___ తీసేస్తుంది. 10. జిగురు పోయేందుకు ___లో ఉంచుతారు. 11. ___ నీటితో కడుగుతారు. 12. ___ మీద ఆరబెడతారు.

తొమ్మిదికి ‘స్కిన్’ తేలిగ్గా దొరుకుతుంది. పదో జవాబు చప్పున తట్టకపోతే అక్కడే ఆగిపోకండి. ముందుకు వెళ్లి కడగడం, ఆరబెట్టడం గురించి చెప్పిన వాక్యాన్ని పట్టుకోండి. పదో జవాబు ఆ వాక్యానికీ, ‘స్కిన్’కూ మధ్యే ఉండాలి. వెతకాల్సింది ఒకటి రెండు వాక్యాలే, కాబట్టి ‘ట్యాంక్’ బయటపడుతుంది.

చిక్కంతా చివరి రెండు గడుల్లో ఉంది. పాసేజీలో ‘మ్యాట్స్’ ముందు కనిపిస్తుంది, ‘క్లీన్’ తర్వాత వస్తుంది. చార్టు మాత్రం పని జరిగే క్రమాన్నే పాటిస్తుంది. వరుసను గుడ్డిగా నమ్మి కనిపించిన మొదటి మాటను పదకొండులో రాస్తే రెండు మార్కులూ పోతాయి. అందుకే ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’, ‘వన్స్’ వంటి మాటలు కనబడగానే ఏది ముందో, ఏది వెనకో తేల్చుకోవాలి. జవాబులు తప్పకుండా వరుసలోనే ఉంటాయని పరీక్ష నిర్వాహకులు కూడా హామీ ఇవ్వరు.

బొమ్మకు పేర్లు రాసే ప్రశ్నల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అంకెలు బొమ్మ చుట్టూ తిరుగుతాయి, పాసేజీ మాత్రం అడుగు భాగం నుంచో లోపలి నుంచో మొదలుకావచ్చు. బాణం ఏ భాగాన్ని చూపుతోందో, దాని పక్కన ఏముందో చూసి ఆ వివరణ ఉన్న వాక్యానికి వెళ్లాలి.

జవాబు దొరికాక మాటను పాసేజీలో ఉన్నట్టే రాయాలి. స్పెల్లింగ్ తప్పితే మార్కు రాదు. ‘వన్ వర్డ్ ఓన్లీ’ అన్న చోట ‘అవుటర్ స్కిన్’ అని రాసినా సున్నానే. వరుసను ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికి వాడుకోండి, ఏది రాయాలో మాత్రం వాక్యం అర్థాన్ని బట్టే తేల్చుకోండి.