తాతగారి చిట్టాలో మణుగంటే ఎన్ని కిలోలు?

పాత చిట్టాలో ‘బెల్లం 14 మణుగులు’ అని కనబడగానే ఈ తరంవాళ్లు చాలామంది ఫోన్ తీసి, మణుగుకు ఎన్ని కిలోలో వెతుకుతారు. 37.3242 అని జవాబు వస్తుంది. దానితో హెచ్చవేసి, తాతగారు ఒక్కరోజే ఐదు క్వింటాళ్లకు పైగా బెల్లం అమ్మారని కుటుంబ చరిత్రలో రాసేస్తారు. ఆ చిట్టా మద్రాసు లెక్కలో రాసినదైతే, అసలు బరువు అందులో మూడో వంతు కూడా ఉండదు.

ఆ సంఖ్యలో తప్పేమీ లేదు. 80 తులాలు ఒక సేరు, 40 సేర్లు ఒక మణుగు అనేది 1939 తూనికల చట్టం ఖరారు చేసిన లెక్క. ఉత్తరాది మణుగు, రైల్వే మణుగు అదే. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల అంగళ్లలో నడిచిన లెక్క వేరు. అక్కడ మూడు తులాలు పలం, ఎనిమిది పలాలు సేరు, ఐదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. అంటే మణుగుకు 960 తులాలు. తులం 11.6638 గ్రాములు కాబట్టి ఈ మణుగు దాదాపు 11.2 కిలోలు. కంపెనీల లెక్కల్లో దీన్నే సరిగ్గా 25 పౌండ్లుగా, అంటే 11.34 కిలోలుగా పట్టేవారు. సేరుదీ ఇదే తంటా. 24 తులాల కచ్చా సేరు 280 గ్రాములు, 80 తులాల పక్కా సేరు 933 గ్రాములు.

మరి మన చేతిలోని చిట్టాది ఏ మణుగు? ఆ సంగతి చాలాసార్లు చిట్టాయే చెబుతుంది.

ఉదాహరణకు ఒక పద్దు ఇలా ఉందనుకుందాం: బెల్లం 14–6, దర మణుగు 1కి రూ. 1–8–0, మొత్తం రూ. 22–2–0. బరువులో రెండో అంకె వీశెలో సేర్లో రాయలేదు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. 40 సేర్ల మణుగైతే 14 మణుగుల 6 సేర్లకు 21 రూపాయల 3 అణాల 7 పైసలు కావాలి. 960 తులాల్లో పక్కా సేర్లు పన్నెండు పడతాయి కనుక ఆ లెక్కా చూడాలి. అప్పుడు 21 రూపాయల 12 అణాలు వస్తుంది. అదీ కుదరలేదు. 8 వీశెల మణుగైతే 6 వీశెలంటే ముప్పావు మణుగు. పద్నాలుగు ముప్పావు మణుగులను రూపాయిన్నరతో హెచ్చవేస్తే సరిగ్గా 22 రూపాయల 2 అణాలు. గుమాస్తా వేసిన మొత్తమే సాక్ష్యం. ఆ బెల్లం బరువు సుమారు 165 కిలోలు. రైల్వే మణుగుతో లెక్కిస్తే 550 అయ్యేది!

దర రాయని చోట రెండో అంకెను పుస్తకమంతా గమనించాలి. ఎన్ని పేజీలు తిప్పినా అది 7 దాటకపోతే వీశెలే అనుకోవచ్చు. 25, 33, 39 లాంటివి కనిపిస్తే 40 సేర్ల మణుగు. ఒక్క పద్దు చూసి తేల్చకూడదు, ఎందుకంటే రైల్లో వచ్చిన సరుకు రైల్వే మణుగుల్లో దిగి, అదే అంగట్లో వీశెల్లో అమ్ముడుపోయి ఉండవచ్చు. రంగూన్‌లో వ్యాపారం చేసివచ్చిన కుటుంబాల పుస్తకాల్లో ఇంకో చిక్కు ఉంది. బర్మా వీశె దాదాపు 1.63 కిలోలు, మన వీశె 1.4 కిలోలే.

ధాన్యం పద్దుల దగ్గర మాత్రం ఆగాలి. సోల, తవ్వ, మానిక, కుంచం, తూము అనే మాటలు పక్కన ఉంటే అక్కడి సేరు తూకం కాదు, కొలత. ఒకే కుంచంతో కొలిచినా బియ్యం వడ్లకంటే బరువు తూగుతాయి. పైగా కుంచం ఊరూరికీ మారేది. అలాంటి పద్దును కిలోల్లోకి మార్చకుండా ఉన్నదున్నట్టు రాయడమే సరైన పని.

మార్చిన చోట కూడా 165.158 కిలోలని రాయడం పనికిరాదు. అంగడి తక్కెడకు అంత నిక్కచ్చి లేదు. ‘14 మణుగుల 6 వీశెలు (మణుగుకు 8 వీశెలు, 960 తులాల చొప్పున సుమారు 165 కిలోలు)’ అని రాస్తే, రేపు మనవలకు అనుమానం వచ్చినా తిరిగి లెక్క చూసుకోగలరు. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా వచ్చాయి కాబట్టి ఆ తర్వాతి నాలుగైదేళ్ల పుస్తకాల్లో రెండు పద్ధతులూ కలిసి ఉండవచ్చు. ఆ పేజీలను తేదీ చూసి మరీ చదవాలి.

చివరగా పెళ్లి నగల జాబితా. నేడు చాలాచోట్ల తులమంటే పది గ్రాములుగా లెక్కిస్తున్నారు. నాయనమ్మకు పెట్టిన 25 తులాల బంగారాన్ని 250 గ్రాములని రాయకండి. పాత తులం లెక్కన అది 291 గ్రాముల పైచిలుకు.