పెరుగుదల తగ్గినప్పుడు డివిడెండ్ మారకపోతే?

షేరు విలువంటే, భవిష్యత్తులో అది తెచ్చే డివిడెండ్లన్నిటి నేటి విలువ. కొన్నేళ్లు వేగంగా ఎదిగి ఆపై నిలకడపడే కంపెనీకి ఈ లెక్కను రెండు దశల్లో వేస్తాం. కొత్త ఆఫీసర్ల శిక్షణ తరగతిలో దీన్ని బోర్డు మీద వేస్తూ నేనే ఒక పొరపాటు చేశాను.

ఉదాహరణకు తీసుకున్న కంపెనీకి షేరుకు లాభం రూ.40, డివిడెండ్ రూ.10. మిగిలిన 75 శాతం లాభాన్ని వ్యాపారంలోనే ఉంచి దానిపై 20 శాతం సంపాదిస్తుంది కాబట్టి ఏటా 15 శాతం పెరుగుతుంది. ఇది 5 ఏళ్లు సాగి, తర్వాత పెరుగుదల 6 శాతానికి దిగుతుందనుకుందాం. మదుపరి కోరే రాబడి 12 శాతం.

మొదటి దశలో డివిడెండ్ రూ.11.50తో మొదలై ఐదో ఏట రూ.20.11 అవుతుంది. ఈ అయిదింటి నేటి విలువ రూ.54.

రెండో దశకు ఆరో ఏటి డివిడెండ్ కావాలి. నేను 20.11ని 6 శాతం పెంచి రూ.21.32 వేశాను. దాన్ని 12కీ 6కీ మధ్య తేడా అయిన 6 శాతంతో భాగిస్తే రూ.355. ఇది ఐదో ఏడాది చివరి విలువ కాబట్టి ఆరేళ్లకు కాక ఐదేళ్లకే తగ్గించాలి. అలా రూ.202 వచ్చింది. మొత్తం రూ.256.

అప్పుడొక అమ్మాయి లేచి అడిగింది: “సార్, 75 శాతం లాభం అట్టేపెట్టుకుని కూడా 6 శాతమే పెరుగుతోందంటే, ఆ డబ్బు మీద వచ్చేది 8 శాతమేగా?”

నిజమే. వాటాదారు 12 కోరుతుంటే, అతని డబ్బును కంపెనీ ఎప్పటికీ 8 శాతానికే వాడుతుందని నేను తెలియకుండానే ఒప్పేసుకున్నాను.

సరిచేద్దాం. పోటీ పెరిగి, నిలకడ దశలో రాబడి 20 నుంచి 12 శాతానికి దిగిందనుకుందాం. 6 శాతం పెరుగుదలకు సగం లాభం ఉంచుకుంటే చాలు, మిగతా సగం పంచవచ్చు. ఆరో ఏట లాభం రూ.85.28, డివిడెండ్ రూ.42.64. ఐదో ఏడాది చివరి విలువ రూ.711, దాని నేటి విలువ రూ.403. మొత్తం రూ.457.

ఇంకో తేడా కూడా కనిపించింది. నిలకడ పెరుగుదలను 5 శాతానికి తగ్గిస్తే నా పాత లెక్క 256 నుంచి 225కి పడిపోయింది. సరిచేసిన లెక్క మాత్రం 454 దగ్గర నిలిచింది. పెట్టుబడిపై వచ్చేదీ మదుపరి కోరేదీ సమానమైతే, లాభాన్ని ఉంచుకున్నా పంచినా విలువలో పెద్ద తేడా రాదు.

అందుకే ఇప్పుడు ఎవరి లెక్క చూసినా నిలకడ పెరుగుదలను అట్టేపెట్టుకున్న వాటాతో భాగిస్తాను. వచ్చే రాబడి నమ్మదగ్గదైతేనే షేరు విలువ దాకా వెళ్తాను.