‘మోర్ బెటర్’ ఎక్కడి నుంచి వస్తోంది?

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వంటి పోటీ పరీక్షల ఇంగ్లిష్ విభాగంలో ఒక వాక్యాన్ని మూడు నాలుగు ముక్కలు చేసి, తప్పు ఏ ముక్కలో ఉందో చెప్పమంటారు. అసలు తప్పే లేదనేది కూడా ఒక ఆప్షన్‌గా ఉంటుంది. ఈ వాక్యం చూడండి.

దిస్ ఇయర్స్ పేపర్ / వాజ్ ఫార్ మోర్ ఈజియర్ / దేన్ లాస్ట్ ఇయర్స్ / నో ఎర్రర్

మనలో చాలామంది చెవికి ఇందులో ఏమీ తేడాగా తగలదు. దానికి కారణం ఉంది. తెలుగులో పోలికను మోసేది ‘కంటే’. ‘నిరుటి పేపరు కంటే ఇది తేలిక’ అన్నప్పుడు ‘తేలిక’ ఏమీ మారదు. గట్టిగా చెప్పాలంటే ముందు ‘ఇంకా’ తగిలిస్తాం. ఇంగ్లిష్‌లో అలా కాదు. ‘ఈజీ’ కాస్తా ‘ఈజియర్’ అయినప్పుడే ‘ఎక్కువ’ అనే అర్థం ఆ మాటలోకి వచ్చేసింది. దాని ముందు మళ్లీ ‘మోర్’ పెడితే ఒకే పోలికను రెండుసార్లు చెప్పినట్టు. దీన్నే డబుల్ కంపారిటివ్ అంటారు.

‘గుడ్’, ‘బ్యాడ్’ లాంటి మాటల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. వాటికి చివర ‘ఈఆర్’ చేర్చరు, మాటే మారిపోతుంది: గుడ్, బెటర్, బెస్ట్, బ్యాడ్, వర్స్, వరస్ట్. వీటిలో కొన్ని ఎప్పుడో తెలుగులో కలిసిపోయాయి. జ్వరం తగ్గినవాళ్లను ‘ఇప్పుడు బెటరా?’ అని అడుగుతాం, రోడ్డు బాగోకపోతే ‘వరస్ట్‌గా ఉంది’ అంటాం. అంటే ‘బెటర్’ మనకు దాదాపు ‘బాగుంది’తో సమానమైపోయింది, ‘వరస్ట్’ ‘ఘోరం’ అయింది. ‘ఇంకా బెటర్’ అనడం అలవాటైన నోటికి ‘మోర్ బెటర్’ తప్పని ఎలా తోస్తుంది? ‘వరస్ట్ దేన్ బిఫోర్’ కూడా ఇలా పుట్టిందే. ‘దేన్’ ఉందంటే అక్కడ ‘వర్స్’ రావాలి. నా ఉద్దేశంలో తెలుగు విద్యార్థులు రూపాల పట్టిక బట్టీ పట్టడం కన్నా ముందు ఈ రెండు మాటల మీద కన్నేయాలి.

ఇప్పుడు పై వాక్యానికి వద్దాం. మూడో ముక్కలో ‘దేన్’ ఉంది కనుక రెండో ముక్కలో కంపారిటివ్ ఉండాలి, ఉంది. ‘ఫార్’ని చూసి కొందరు అనుమానపడి దాన్నే కొట్టేస్తారు. కానీ ఫార్, మచ్ అనేవి తేడా ఎంతో చెబుతాయి తప్ప పోలిక చేయవు. ‘ఫార్ ఈజియర్’, ‘మచ్ బెటర్’ రెండూ ఒప్పే. చివర ‘లాస్ట్ ఇయర్స్’ అంటే నిరుటి పేపర్ అనే అర్థం, పేపర్‌ను పేపర్‌తోనే పోల్చారు కాబట్టి అక్కడా ఇబ్బంది లేదు. మిగిలింది ‘మోర్’. అది తీసేస్తే వాక్యం సరిపోతుంది. జవాబు రెండో ముక్క.

అయితే ‘మోర్’ పక్కన ‘ఈఆర్’తో ముగిసే మాట కనబడగానే గుర్తు పెట్టేయకూడదు. ‘మోర్ బిట్టర్’, ‘మోర్ ఈగర్’ తప్పులు కావు. వాటి చివరి ‘ఈఆర్’ పుట్టుకతోనే ఉంది, పోలిక కోసం చేర్చింది కాదు. అది తీసేస్తే మిగిలేది విశేషణమేనా అని చూస్తే తేలిపోతుంది: ‘ఈజియర్’లోంచి ‘ఈజీ’ వస్తుంది, ‘ఈగర్’లోంచి ఏమీ రాదు. అలాగే ‘మోర్ ఓల్డర్ పీపుల్ ఆర్ ఓటింగ్ నౌ’ అనే వాక్యంలో ‘మోర్’ వయసును కాదు, మనుషుల సంఖ్యను చెబుతోంది. ఓటేసే పెద్దవాళ్లు ఎక్కువయ్యారని దాని అర్థం, కనుక అది సరైన వాక్యమే. ఒకే మనిషిలోని రెండు గుణాలను పోల్చినప్పుడు లెక్క తలకిందులవుతుంది. ‘హీ ఈజ్ బ్రేవర్ దేన్ వైజ్’ తప్పు, ‘మోర్ బ్రేవ్ దేన్ వైజ్’ ఒప్పు.

ఈ నియమం ఇంగ్లిష్‌తో పాటే పుట్టింది కాదు. షేక్‌స్పియర్ కాలంలో డబుల్ కంపారిటివ్‌లను, డబుల్ సూపర్లేటివ్‌లను నాటకాల్లోనూ నిస్సంకోచంగా వాడేవారు. 18వ శతాబ్దపు వ్యాకరణకర్తలు వాటిని తప్పుల జాబితాలో చేర్చారు. 1762లో వచ్చిన రాబర్ట్ లౌత్ వ్యాకరణం వారిలో బాగా పేరున్నది. వాళ్ల కత్తెరకు దొరక్కుండా మిగిలినది ‘లెసర్’. ‘లెస్’ అప్పటికే కంపారిటివ్, దానికి మళ్లీ ‘ఈఆర్’ చేరింది. అయినా భాష దాన్ని ఉంచుకుంది, కాకపోతే ఒక హద్దు పెట్టి. నామవాచకం ముందు నిలిచి ‘చిన్నది’, ‘తక్కువ స్థాయిది’ అనే అర్థం ఇస్తే ఒప్పు: ‘ద లెసర్ ఈవిల్’. పక్కన ‘దేన్’ వచ్చి నేరుగా పోలిస్తే మాత్రం ‘లెసర్ దేన్’ అనకూడదు, ‘లెస్ దేన్’ అనాలి. ‘హిజ్ శాలరీ ఈజ్ లెసర్ దేన్ మైన్’ అని ప్రశ్నలో కనిపిస్తే, గుర్తు పెట్టాల్సింది ‘లెసర్’ ఉన్న ముక్క మీద.