వాళ్ళమ్మను ‘హీ’ అన్న రోజు

బెంగళూరు కంపెనీ ఫోన్ ఇంటర్వ్యూ అది. గోరంట్ల బస్టాండ్ పక్కన, కాస్త గోల తక్కువున్న సందులో నిలబడి మాట్లాడుతున్నా. ఇంట్లో వాళ్ళ గురించి చెప్పమన్నారు. మా అమ్మ బ్లౌజులు కుడుతుంది, నాన్న ధర్మవరంలో మగ్గం నేస్తాడు. నా నోట్లోంచి వచ్చిందేమో ఇది: ‘మై మదర్ ఈజ్ ఎ టైలర్. హీ స్టిచెస్ బ్లౌజెస్. హిజ్ హస్బెండ్ వీవ్స్ సారీస్.’

అవతలాయన ఆగి, ‘టైలర్ ఎవరు, మదరా ఫాదరా?’ అన్నారు. సర్దుకోబోయి నాన్నను ‘షీ’ చేసేశా. ఉద్యోగం రాలేదు. కారణం ఇదేనో కాదో తెలీదు గానీ, ఆ ప్రశ్న మాత్రం చెవిలో ఉండిపోయింది.

చిత్రమేంటంటే, ఇదే కాగితం మీద రాయమంటే నాకు ఒక్క తప్పు పోదు. రూల్ తెలుసు. స్పీడుగా మాట్లాడేటప్పుడే పోతుంది. ఎందుకో నా మాటల్నే గమనిస్తే అర్థమైంది. ‘నిన్న ఊరి నుంచి వచ్చినాడు’, ‘నిన్న ఊరి నుంచి వచ్చింది’. మనకు మగా ఆడా అన్నది వాక్యం చివర్లో, క్రియలో తేలుతుంది. ముందు పేరు గానీ ‘ఆమె’ గానీ లేకపోయినా నడిచిపోతుంది. పైగా ‘వచ్చింది’ అక్కకూ అదే, ఆవుకూ అదే, హిందూపురం బస్సుకూ అదే. ఇంగ్లిష్‌లో మొదటి మాట దగ్గరే తేల్చుకోవాలి. మనం ఇంకా చివరి కోసం చూస్తుంటే, నోరు అలవాటైన ‘హీ’తో బయల్దేరిపోతుంది.

ఇది మనొక్కళ్ళ బాధ కాదు. చైనీస్‌లో ఇద్దరికీ ‘తా’ అన్న ఒకే పలుకు, రాతలోనే తేడా. వాళ్ళూ ఇంగ్లిష్‌లో ఇక్కడే తడబడతారు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి వచ్చిన కొరియా వాళ్ళ భాషలోనూ మాట్లాడేటప్పుడు ‘అతను, ఆమె’ వాడకం చాలా తక్కువ.

తర్వాత మా అక్క పెళ్ళి గురించి రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడి ఫోన్‌లో రికార్డ్ చేశా. విని లెక్కేస్తే 11 తప్పులు. అందులో 8 ఒకే చోట: హిజ్, హర్ తర్వాత అమ్మా నాన్నా అక్కా తమ్ముడూ వచ్చిన చోట. మనం ‘రమేష్ వాళ్ళమ్మ’, ‘లత వాళ్ళమ్మ’ అంటాం కదా. ఆ ‘వాళ్ళ’లో మగా లేదు, ఆడా లేదు. ఇంగ్లిష్ కచ్చితంగా అడిగే చోటే మన మాటలో ఖాళీ ఉంది. ఆ ఖాళీలోకి పక్కనున్న ‘మదర్’ దూరి, ‘హర్ మదర్’ అనిపిస్తుంది. కొడుకు సంగతి చెప్తున్నా సరే!

మందు మన యాసలోనే దొరికింది. మన దగ్గర పెద్దవాళ్ళు ‘ఆయప్ప’, ‘ఆయమ్మ’ అంటారు చూడండి, అందులో తేడా స్పష్టంగా ఉంది. అందుకే ‘వాళ్ళమ్మ’ అనబోయిన ప్రతిసారీ మనసులో ‘ఆయప్ప వాళ్ళమ్మ’ అనుకోవడం మొదలుపెట్టా. ఆయప్ప అయితే హిజ్, ఆయమ్మ అయితే హర్. పక్కన ఉన్నది అమ్మా నాన్నా అన్నది అనవసరం, ఎవరి అమ్మ అన్నదే లెక్క.

ఆ తర్వాత పెళ్ళి ఫోటోలు. గ్యాలరీ తెరిచి ఒక్కో ఫోటోకు ఒక వాక్యం. బావ ఫోటో వస్తే: ‘హీ ఈజ్ స్టాండింగ్ విత్ హిజ్ మదర్.’ అక్క ఫోటో వస్తే: ‘షీ ఈజ్ లాఫింగ్ విత్ హర్ బ్రదర్.’ మగవాళ్ళవన్నీ ఒకసారి, ఆడవాళ్ళవన్నీ ఒకసారి చేస్తే ఉపయోగం లేదు. నాలుగో ఫోటోకే బుర్ర నిద్రపోతుంది, నోరు వల్లె వేస్తుంది. కలిపి తిప్పాలి, తర్వాత ఎవరొస్తారో తెలియకూడదు. ఫోటో పడ్డాక ఒక సెకనులో మొదలుపెట్టాలి. రోజుకు 20 ఫోటోలు చాలు.

వారం తర్వాత ఫోటోలకు తప్పులు పోయాయి, మాటల్లో పోలేదు. ఒక్కో వాక్యం వేరు, కథ వేరు. అప్పుడు భాషా టీచర్లు 1980ల నుంచి వాడుతున్న 4-3-2 పద్ధతి పట్టుకున్నా. ఒకే కథ మొదట 4 నిమిషాల్లో, మళ్ళీ అదే 3లో, మళ్ళీ అదే 2లో చెప్పాలి. వింటానికి ప్రతిసారీ కొత్త మనిషి ఉంటే మేలు. నాకు రూమ్మేట్, అక్క, లేదంటే గోడ. కథ మారదు కాబట్టి ఏం చెప్పాలన్న బరువు తగ్గి, ఎలా చెప్పాలన్నదానికి చోటు దొరుకుతుంది. 3 నిమిషాల్లో తప్పులు పెరిగితే 2కి దిగను, మళ్ళీ 4కి పోతా. తప్పును స్పీడుగా పదిసార్లు చెప్తే అదే గట్టిపడుతుంది మరి.

బాగుపడుతున్నామని ఎలా తెలుస్తుంది? నాకైతే మొదట ఎదుటివాళ్ళు నవ్వితేనే తెలిసేది. తర్వాత వాక్యం అయ్యాక నాకే తట్టేది. ఇప్పుడు ‘హీ’ సగంలో ఉండగానే నాలుక ఆగుతోంది. నెల తర్వాత అదే పెళ్ళి కథ రికార్డ్ చేస్తే 3 తప్పులు. నైట్ షిఫ్ట్ అయ్యాక చేస్తే మాత్రం 6. అలసిపోతే పాత అలవాటు తిరిగొస్తుంది, అందుకే ఇంటర్వ్యూలు పొద్దున పెట్టించుకుంటున్నా.

మొన్న అమ్మ మిషన్ తొక్కుతుంటే పక్కన కూర్చుని ప్రాక్టీస్ చేస్తున్నా. ‘షీ స్టిచెస్ బ్లౌజెస్, హర్ హస్బెండ్...’ అంటుంటే, ‘నన్నేమో అంటాండావ్ కదరా?’ అంది.